తిరుగుతున్నా చల్లబడని రిఫ్రిజిరేటరు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మీ సంఘాలలో కొన్నింటికి ఒక చిన్న రిఫ్రిజిరేటరు ఉన్నది. టీకాలు వేసే రోజులలో గాలికుంటు టీకా సీసాలు, మిగతా రోజులలో పశువుల మందులు అందులో ఉంచుతారు. అది పూర్తిగా ఆగిపోతే అందరికీ తెలుస్తుంది, వెంటనే మెకానిక్కును పిలుస్తారు. రాత్రింబగళ్లు తిరుగుతూనే ఉండి లోపల చాలినంత చల్లదనం లేనప్పుడే అసలు నష్టం. చప్పుడు వినిపిస్తున్నది కదా అని ఎవరూ పట్టించుకోరు. సీసాలోని టీకా మాత్రం బలం కోల్పోతుంది, చూపులకు ఏ తేడా కనిపించకపోవచ్చు. అటువంటి టీకా వేసిన గేదెకు గాలికుంటు వస్తే, రైతు తప్పు టీకా మీద వేస్తాడు. మరుసటి ఏడు తన పశువులను టీకాకు తోలుకురాడు. కనుక ఈ లోపాన్ని ఎట్లా పసిగట్టాలో, ఏ వరుసలో సరిచేయాలో ఈ పూట చెప్పుకుందాం.

రిఫ్రిజిరేటరు చేసే పని ఒక్కటే. లోపలి వేడిని తోడి బయట పారబోస్తుంది. తోడేది లోపల పైభాగంలో ఉన్న ఫ్రీజరు పెట్టె. పారబోసేది వెనుకవైపు నల్లగా, తీగల జాలీ అతికించి ఉండే కండెన్సరు గొట్టాలు. బయటి వేడి మళ్లీ లోపలికి జొరబడకుండా ఆపేది తలుపు అంచున ఉన్న రబ్బరు. చిల్లిపడిన పడవలో నీళ్లు తోడేవానిని తలచుకోండి. చిల్లి పెద్దదైనా, చేతిలో చెంబు చిన్నదైనా, తోడిన నీరు పారబోయడానికి అడ్డు వచ్చినా, వాడు రోజంతా తోడుతూనే ఉంటాడు, పడవలో నీరు మాత్రం తగ్గదు. ఆగకుండా తిరిగే రిఫ్రిజిరేటరు స్థితి కూడా అదే.

మొదట కొలవాలి. చేయి పెట్టి చల్లగానే ఉన్నదనుకుంటే లాభం లేదు. ఎండలో నుంచి వచ్చిన చేతికి 14 డిగ్రీలు కూడా చల్లగానే తోస్తుంది. ఒక గ్లాసులో నీళ్లు పోసి, అందులో థర్మామీటరు ఉంచి, నడిమి అరలో పెట్టండి. రాత్రంతా తలుపు తీయకుండా ఉంచి, తెల్లవారి పాలు పోయించుకునే వేళకు ముందే చూడండి. నీళ్లలో ఎందుకంటే, తలుపు తీయగానే గాలి వేడెక్కుతుంది గాని నీరు వెంటనే వేడెక్కదు. సీసాలోని మందు ఏ స్థితిలో ఉన్నదో నీరు బాగా చెబుతుంది. గాలికుంటు టీకాకు 2 నుంచి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉండాలి.

ఒక సంఘంలో మేము స్వయంగా చూసిన సంగతి చెబుతాము. వేసవికాలం. ఒంటి తలుపు రిఫ్రిజిరేటరు. రెండు పక్కలా దాణా బస్తాలు, వెనుక భాగం గోడకు ఆనించి ఉన్నది. కంప్రెసరు క్షణం ఆగడం లేదు. చల్లదనం తగ్గినదని ఎవరో మర తిప్పి ఆఖరి గుర్తు మీద పెట్టారు. ఫ్రీజరు పెట్టె చుట్టూ బొటనవేలి మందాన మంచు పేరుకున్నది. గ్లాసులో నీరు 13 డిగ్రీలు చూపినది. అందులో రెండు టీకా సీసాలు ఉన్నవి. మేము ముందుగా చేసిన పని వాటిని ఐసు పెట్టెలో పెట్టి పశువుల ఆసుపత్రికి పంపించడం. ఎన్ని రోజులు ఆ వేడిలో ఉన్నవో ఎవరూ చెప్పలేకపోయినందున డాక్టరుగారు ఆ సీసాలను పక్కన పెట్టించారు. అటువంటి సీసాలను వాడవచ్చునా లేదా అని నిర్ణయించవలసినది డాక్టరుగారే గాని సంఘం కాదు.

తలుపు రబ్బరు పట్నం నుంచి రావడానికి పది రోజులు పడుతుందన్నారు. కనుక మిగిలిన పనులు ఒక్కొక్కటే చేస్తూ, ఒక్కొక్క పని తరువాత ఎంత మార్పు వచ్చినదో కొలిచాము.

మొదటి పని కండెన్సరు. ప్లగ్గు ఊడదీసి రిఫ్రిజిరేటరును ముందుకు జరిపించాము. గొట్టాలు కనిపించనంతగా దుమ్ము, తవుడు పొడి, సాలెగూళ్లు పట్టి ఉన్నవి. ఆ పొర గొట్టాలకు దుప్పటి కప్పినట్లే. గొట్టాలలోని వేడి గాలికి పోదు, కంప్రెసరు ఎంత శ్రమపడినా లోపలి వేడిని చాలినంతగా తోడలేదు. మెత్తని బ్రష్షుతో పైనుంచి కిందికి దులిపి, పొడిగుడ్డతో తుడిచాము. నీళ్లు చల్లరాదు. తీగలను వంచరాదు. తరువాత గోడకు బెత్తెడు దూరం వదిలి నిలబెట్టి, దాణా బస్తాలను వేరే గదికి మార్పించాము. మరునాడు ఉదయం నీరు 11 డిగ్రీలు ఉన్నది. కొంత మేలు కనిపించినది గాని చాలదు.

రెండవ పని మంచు. ఫ్రీజరు పెట్టె మీద మంచు ఉంటే మరింత చల్లగా ఉంటుందని చాలామంది అభిప్రాయం. జరిగేది అందుకు విరుద్ధం. లోపలి గాలిలోని వేడి ఆ పెట్టె లోహానికి తగలాలి. మధ్యలో మందమైన మంచు ఉంటే అది గోడలా అడ్డుపడుతుంది. అందుచేత మంచు అర సెంటీమీటరు మందం దాటకముందే కరిగించాలి. ప్లగ్గు తీసి, తలుపు తెరిచి, కింద పళ్లెం పెట్టి, ఫ్రీజరు పెట్టెలో వేడినీళ్ల గిన్నె ఒకటి ఉంచాము. నాలుగు గంటలలో మంచంతా కరిగి జారిపోయినది. ఇక్కడ ఒక హెచ్చరిక. కత్తితోగాని, స్క్రూడ్రైవరుతోగాని మంచును పెకలించరాదు. ఆ పెట్టె పలుచని అల్యూమినియం. దానిలోనే గ్యాసు తిరిగే సన్నని దారులు ఉంటాయి. ఒక్క పోటు పడితే గ్యాసు పోతుంది, బాగుచేయించే ఖర్చు ఎక్కువ. తడి తుడిచి మళ్లీ నడిపితే మరునాడు ఉదయం 7 డిగ్రీలు వచ్చినది.

అంతటితో పని అయిపోయినదనిపించింది గాని, వారం తిరిగేసరికి మంచు మళ్లీ వేలు మందం పేరుకున్నది, నీరు 10 డిగ్రీలకు ఎక్కినది. ఈ చెమ్మ ఎక్కడిది? గదిలోని గాలి నుంచి వచ్చినదే. గాలి జొరబడినచోట దానిలోని తేమ కూడా జొరబడి, ఫ్రీజరు పెట్టెకు తగిలి మంచవుతుంది. కరిగించిన తరువాత త్వరలోనే మళ్లీ పేరుకుంటున్నదంటే, ఎక్కడో దారి ఉన్నదని అర్థం. ఆ దారి తలుపు రబ్బరు.

రబ్బరును పరీక్షించడం తేలిక. ఒక కాగితం ముక్కను తలుపు సందులో పెట్టి, తలుపు మూసి, మెల్లగా లాగండి. బిగువుగా వస్తే మంచిది. పట్టు లేకుండా జారివస్తే అక్కడ సందు ఉన్నట్లే. నాలుగు వైపులా, ముఖ్యంగా మూలల వద్ద, జానెడుకొక చోట ఇట్లా చూడాలి. రాత్రివేళ దీపాలు ఆర్పి, వెలిగించిన టార్చిలైటును లోపల పెట్టి తలుపు మూసినా, సందు ఉన్నచోట వెలుతురు కనిపిస్తుంది. మేము చూసినదానిలో బందుల వైపు కింది మూల రబ్బరు గట్టిపడి, పగిలి, జానెడు మేర అంటుకోవడమే లేదు.

రబ్బరు లోపమంతా మార్చవలసినదే కానక్కరలేదు. మడతలలో పాల జిడ్డు, బూజు చేరినా సరిగా అంటుకోదు. సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో మడతలు తుడిచి ఆరనివ్వండి. వంకరపోయినచోట వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ కొద్దిసేపు అద్ది, వేళ్లతో సరిచేస్తే మెత్తబడి తన రూపానికి వస్తుంది. రిఫ్రిజిరేటరు ముందు కాళ్లను రవంత ఎత్తు చేస్తే తలుపు దానంతటదే మూసుకుంటుంది. పగిలినా, లోపలి అయస్కాంతం పట్టు వదిలినా, అదే నమూనాకు సరిపడే కొత్త రబ్బరు వేయించక తప్పదు. అక్కడ కొత్తది వేయించి, మరొకసారి మంచు కరిగించి నడిపించాము. మరునాడు 5 డిగ్రీలు. పదిహేను రోజుల తరువాత వెళ్లి చూసినా 5 డిగ్రీలే. కంప్రెసరు కొంతసేపు తిరిగి, కొంతసేపు ఆగుతున్నది. ఆ ఆగడమే ఆరోగ్యానికి గుర్తు.

ఇక చాలామంది మరచే విషయం ఒకటి ఉన్నది. చల్లదనం చాలడం లేదని మర ఆఖరికి తిప్పి ఉంచుతారు. లోపాలన్నీ సరిచేసిన తరువాత దానిని అక్కడే వదిలితే, యంత్రం ఇప్పుడు నిజంగా పనిచేస్తుంది కనుక, లోపల సున్నా డిగ్రీల కిందికి పోయి సీసాలు గడ్డకడతాయి. గాలికుంటు టీకాకు వేడి ఎంత చెడుపో గడ్డకట్టడం కూడా అంత చెడుపే. ఒకసారి గడ్డకట్టిన టీకా కరిగినా పనికిరాదు. అందుచేత బాగుచేసిన రోజుననే మరను నడిమి గుర్తుకు తెచ్చి, రెండు రోజులు ఉదయం సాయంత్రం థర్మామీటరు చూసి, తరువాతనే సీసాలు లోపల పెట్టాలి. ఫ్రీజరు పెట్టె కిందనే ఉన్న పళ్లెంలోగాని, తలుపు అరలలోగాని సీసాలు ఉంచరాదు. మొదటిచోట గడ్డకడతాయి, రెండవచోట తలుపు తీసినప్పుడల్లా వేడెక్కుతాయి. నడిమి అరయే వాటి స్థానం.

అప్పుడే పితికిన వేడి పాల గిన్నెను మూతలేకుండా అందులో పెట్టే అలవాటు కూడా కొన్నిచోట్ల చూశాము. పాల వేడి, పాల ఆవిరి రెండూ లోపలే ఉండిపోతాయి. ఆవిరి మంచవుతుంది, వేడి సీసాలకు తగులుతుంది. టీకాలున్న పెట్టెలో పాలు పెట్టవద్దు.

ఇవన్నీ చేసినా చల్లబడకపోతే మెకానిక్కును పిలవవలసినదే. కంప్రెసరు తిరుగుతున్నా వెనుక గొట్టాలు ఏమాత్రం వెచ్చబడకపోయినా, ఫ్రీజరు పెట్టెలో ఒక్క మూలనే మంచు పట్టి మిగతా అంతా పొడిగా ఉన్నా, గ్యాసు తగ్గినదని అనుమానించవచ్చు. కంప్రెసరు గుర్రుమని వెంటనే ఆగిపోతుంటే కరెంటు వోల్టేజి చూపించండి. కొన్ని నమూనాలలో కండెన్సరు గొట్టాలు పక్క రేకుల లోపల ఉంటాయి, వెనుక కనిపించవు. వాటికి దులపవలసినదేమీ ఉండదు గాని, పక్కల గాలి ఆడే చోటు తప్పక వదలాలి. మంచు తనంతట తానే కరిగే రకంలో మంచు లోపలి పలక వెనుక పేరుకుంటుంది. దానిని మీరు విప్పవద్దు.

ఒక కాగితం మీద రోజూ ఉదయం థర్మామీటరు అంకె వ్రాసి, రిఫ్రిజిరేటరు తలుపుకే అంటించే పని కార్యదర్శిగారు తీసుకోవాలని మా కోరిక. 5, 5, 6, 7, 8 అని అంకె ఎక్కుతుంటే, సీసాలు చెడకముందే ఆ కాగితం మీకు చెబుతుంది. ఆ రోజున మర మీద చేయి వేయకుండా, ముందు వెనుకకు వెళ్లి దుమ్ము చూడండి, తరువాత మంచు చూడండి, ఆపైన కాగితం ముక్కతో రబ్బరు చూడండి.