లిమిట్ పెంచమని అడిగేముందు అడగాల్సిన ప్రశ్న

ఈసారి నా సొంత గోలే చెప్తాను.

డాలస్ వచ్చిన కొత్తలో నాకు దొరికిన మొదటి కార్డు లిమిట్ 1,000 డాలర్లు. సరుకులు, కారు గ్యాస్, ఫోన్ బిల్లు కలిపి నెలకి 850 దాకా అయ్యేది. డ్యూ డేట్ లోపల మొత్తం కట్టేసేవాణ్ణి, ఒక్క డాలర్ వడ్డీ కూడా పడలేదు. అయినా స్కోరు లేవదే! బాకీ లేనివాడికి ఈ శిక్షేంటి అనిపించింది.

అసలు సంగతేంటంటే, చాలా బ్యాంకులు క్రెడిట్ బ్యూరోలకి బ్యాలెన్స్ పంపేది మనం కట్టాక కాదు, స్టేట్‌మెంట్ తయారైనప్పుడు. డ్యూ డేట్ దాని తర్వాత కనీసం మూడు వారాలకి వస్తుంది. అంటే బ్యూరో కంటికి నేను 1,000లో 850 వాడేసినవాణ్ణి, 85 శాతం. స్కోరు లెక్కలో ఇది పెద్ద మైనస్.

అప్పుడు లిమిట్ పెంచమని అడిగాను. ముందు చాట్‌లో ఒకే ప్రశ్న వేశాను: "దీనికి హార్డ్ పుల్ చేస్తారా, సాఫ్ట్ పుల్లా?" సాఫ్ట్ అన్నారు. దాంతో స్కోరుకి ఏమీ కాదు. జీతం అప్‌డేట్ చేశాను, 2,500 ఇచ్చారు. ఖర్చు అదే 850, కానీ ఇప్పుడది 34 శాతం. తర్వాతి స్టేట్‌మెంట్ రిపోర్ట్ అయ్యాక స్కోరు కదిలింది.

అదే ఊపులో రెండో కార్డుకి అడక్కుండానే బటన్ నొక్కేశాను చూడండి, అక్కడ బోల్తా పడ్డాను. హార్డ్ పుల్ పడింది, లిమిట్ మాత్రం పెరగలేదు. ఎందుకివ్వలేదో కారణాలతో ఉత్తరం వచ్చింది: ఖాతా మరీ కొత్తదట. హార్డ్ పుల్ రిపోర్టులో రెండేళ్లు కనిపిస్తుంది, ఫైకో స్కోరు లెక్కలో మాత్రం ఏడాదే. చాలామందికి పోయేది ఐదు పాయింట్ల లోపే. మామూలు రోజుల్లో అదేం పెద్ద విషయం కాదు. కానీ ఇంటి లోన్‌కో కారు లోన్‌కో అప్లై చేయబోతుంటే, స్కోరు సరిగ్గా రేటు మారే గీత మీద ఉంటే, ఆ నాలుగు పాయింట్లే వడ్డీ పెంచొచ్చు. పైగా ఇంటి లోన్ వాళ్లు ఈ ఎంక్వైరీ ఏంటని రాసిమ్మంటారు కూడా. అలాంటప్పుడు లోన్ క్లోజయ్యేదాకా ఆగండి.

ఈలోగా స్కోరు కావాలంటే ఇంకో దారుంది. స్టేట్‌మెంట్ తేదీకి మూడు నాలుగు రోజుల ముందే 850లో 750 కట్టేయండి. బ్యూరోకి వెళ్లేది 100 డాలర్లే, అంటే 1,000 లిమిట్ మీద 10 శాతం. ఇప్పుడు ఎక్కువగా వాడే ఫైకో 8 స్కోరు పోయిన నెల ఎంత వాడామో గుర్తు పెట్టుకోదు, తాజా బ్యాలెన్సే చూస్తుంది. అందుకే నేను రెండో కార్డు జోలికి మళ్లీ పోలేదు. స్టేట్‌మెంట్ తేదీకి ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను, అంతే.

మీ కార్డు స్టేట్‌మెంట్ తేదీ యాప్‌లో Statement closing date అని ఉంటుంది, చూసుకోండి.