సగటుకు అటూ ఇటూ రెండు క్రమవిచలనాలు



అంకమధ్యమాన్నీ, క్రమవిచలనాన్నీ లెక్కకట్టడం మీకు తెలుసు. అంకమధ్యమం అంటే సగటు. విలువలు ఆ సగటు నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో క్రమవిచలనం చెబుతుంది. ఈ రెండు సంఖ్యలు మాత్రమే చేతిలో ఉండి, అసలు పట్టిక మన ముందు లేదనుకోండి. ఎన్ని విలువలు ఏ హద్దుల మధ్య ఉంటాయో చెప్పగలమా? చెప్పగలం, కానీ ఒక షరతు మీద. ఆ అంచనా ఏమిటో, ఆ షరతు ఏమిటో ఈ పాఠంలో చూద్దాం.

ముందుగా షరతు. దత్తాంశానికి సోపానచిత్రం గీసినప్పుడు అది గంట ఆకారంలో రావాలి. అంటే మధ్యలో ఎత్తుగా ఉండి, రెండు వైపులా దాదాపు ఒకే తీరున తగ్గుతూ పోవాలి. అలాంటి దత్తాంశంలో సగటుకు అటూ ఇటూ ఒక క్రమవిచలనం దూరంలో సుమారు 68 శాతం విలువలు ఉంటాయి. రెండు క్రమవిచలనాల దూరంలో సుమారు 95 శాతం, మూడింటి దూరంలో దాదాపు అన్నీ, అంటే 99.7 శాతం ఉంటాయి. దీన్నే అనుభవ నియమం అంటారు. మనం ఈ రోజు రెండు క్రమవిచలనాల దగ్గరే ఆగుదాం, ఎందుకంటే ఆచరణలో ఎక్కువగా వాడేది అదే.

ఈ నియమాన్ని ఒక పాత పట్టిక మీద పరీక్షిద్దాం. బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే 1846లో ప్రచురించిన పుస్తకంలో 5,738 మంది స్కాట్లండ్ సైనికుల ఛాతీ చుట్టుకొలతలు ఉన్నాయి. కొలతలన్నీ పూర్తి అంగుళాల్లో ఉన్నాయి. అన్నిటికంటే తక్కువ 33 అంగుళాలు, ముగ్గురికి. అన్నిటికంటే ఎక్కువ 48, ఒక్కరికి. 39 అంగుళాల వాళ్ళు 1,073 మంది, 40 అంగుళాల వాళ్ళు 1,079 మంది. గంట శిఖరం అక్కడే ఉంది.

ఈ పట్టికకు సగటు 39.83 అంగుళాలు, క్రమవిచలనం 2.05 అంగుళాలు. రెండు క్రమవిచలనాలంటే 4.10. సగటు నుంచి తీసివేస్తే 35.73, కలిపితే 43.93. ఈ హద్దుల మధ్య ఉన్న పూర్తి అంగుళాలు 36 నుంచి 43 వరకు. వాటి పౌనఃపున్యాలను కూడితే 5,468 వస్తుంది. దాన్ని 5,738తో భాగించండి: 95.3 శాతం. నియమం చెప్పింది 95.

ఇక బయట మిగిలిన 270 మందిని చూడండి. గంట రెండు వైపులా సమానమైతే చెరో 135 మంది ఉండాలి. కానీ 35 అంగుళాలు, అంతకంటే తక్కువ ఉన్నవాళ్ళు 102 మంది. 44, అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్ళు 168 మంది. ఈ తేడాకు ఒక కారణం కొలతను పూర్తి అంగుళానికి సవరించడం. 36 అని రాసిన చోట అసలు కొలత 35.5 నుంచి 36.5 వరకు ఏదైనా కావచ్చు. అలాగే 43 అంటే 43.5 వరకు. కాబట్టి మనం నిజంగా లెక్కించినది 35.5 నుంచి 43.5 వరకు. అది మన హద్దులకంటే కాస్త ఎడమకు జరిగి ఉంది. అందుకే ఎడమ తోక చిన్నదైంది, కుడి తోక పెద్దదైంది. మొత్తం శాతం మాత్రం పెద్దగా చెదరలేదు.

ఇప్పుడు షరతు తప్పితే ఏమవుతుందో చూద్దాం. ఒక వీధిలో పది కుటుంబాలు ఉన్నాయనుకోండి. తొమ్మిది కుటుంబాలకు నెలకు 10,000 రూపాయల చొప్పున, పదో కుటుంబానికి 1,10,000 రూపాయలు ఆదాయం. సగటు 20,000, క్రమవిచలనం 30,000. సగటు నుంచి రెండు క్రమవిచలనాలు తీసివేస్తే మైనస్ 40,000 రూపాయలు! సున్నాకంటే తక్కువ ఆదాయం ఈ పట్టికలో ఉండే వీలే లేదు. ఉండడానికి వీల్లేని విలువ దాకా హద్దు వెళ్ళిందంటే, దత్తాంశం గంట ఆకారంలో లేదని అర్థం. సోపానచిత్రం గీయకముందే ఈ తనిఖీ చేసుకోవచ్చు. ఆకారం ఎలా ఉన్నా తప్పనిసరిగా వర్తించే హామీ వేరే ఉంది. రష్యా గణిత శాస్త్రవేత్త చెబిషెవ్ పేరుతో ఉన్న ఆ సిద్ధాంతం ప్రకారం, రెండు క్రమవిచలనాల లోపల కనీసం 75 శాతం విలువలు ఉంటాయి. 75 నుంచి 95కు మనల్ని చేర్చేది గంట ఆకారమే.

చివరగా, ఈ నియమం మన దేశంలో ఎక్కడ పనికొస్తుందో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో పిల్లల ఎదుగుదల ప్రమాణాలను విడుదల చేసింది. వాటి కోసం ఆరు దేశాల్లో, మంచి ఆహారం, ఆరోగ్యకరమైన పరిసరాలు ఉన్న పిల్లలను కొలిచారు. ఆ ఆరింటిలో భారతదేశం ఒకటి. ఇక్కడ కొలిచింది దక్షిణ ఢిల్లీ పిల్లలను. ఒకే వయసు పిల్లల ఎత్తులు గంట ఆకారంలో ఉంటాయి. అయిదేళ్ళు నిండిన మగపిల్లలకు ఆ ప్రమాణంలో మధ్య విలువ 110 సెంటీమీటర్లు. రెండు క్రమవిచలనాల కింది హద్దు 100.7 సెంటీమీటర్లు. ఆ హద్దుకంటే తక్కువ ఎత్తు ఉంటే ఎదుగుదల కుంటుపడినట్లు లెక్కిస్తారు.

హద్దుల బయట సుమారు 5 శాతం ఉంటే, కింది వైపు దానిలో సగం, సుమారు 2.5 శాతం ఉండాలి. మరింత కచ్చితంగా లెక్కిస్తే 2.3 శాతం. అంటే చక్కగా ఎదిగే పిల్లల్లో కూడా వందకు ఇద్దరు ముగ్గురు ఈ హద్దు కింద ఉంటారు. అందుచేత పొట్టిగా ఉన్న ఒక్క పిల్లవాణ్ణి చూసి, ఆ కొలతతోనే పోషకాహార లోపమని తేల్చలేం. తల్లిదండ్రులు పొట్టివారైనా కావచ్చు. కానీ 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అయిదేళ్ళలోపు పిల్లల్లో 35.5 శాతం ఈ హద్దు కింద ఉన్నారు. రెండున్నర శాతం ఉండవలసిన చోట ముప్పై అయిదు! ఇది తోక చివరి కొద్దిమంది విషయం కాదు. గంట మొత్తంగా ఎడమకు జరిగింది. హద్దు పైన ఉన్నవాళ్ళలో కూడా చాలామంది తాము చేరగలిగిన ఎత్తుకు చేరలేదన్నమాట. మన పిల్లలు పుట్టుకతోనే పొట్టి అనడానికీ వీల్లేదు, ఎందుకంటే ప్రమాణానికి కొలిచిన పిల్లల్లో మనవాళ్ళూ ఉన్నారు.

ఒక లెక్క మీకు వదిలిపెడుతున్నాను. ఒక పరీక్షలో 400 మంది రాశారు. సగటు 52, క్రమవిచలనం 12, మార్కులు గంట ఆకారంలో ఉన్నాయి. 28కంటే తక్కువ వచ్చినవారు సుమారు ఎంతమంది? అదే పరీక్షలో సగటు 90, క్రమవిచలనం 8, గరిష్ఠ మార్కులు 100 అయితే, ఈ నియమాన్ని వాడవచ్చా? పై హద్దును లెక్కకట్టి చూడండి, జవాబు మీకే దొరుకుతుంది.