లాకప్పులో మరణం: మొదటి ఇరవై నాలుగు గంటలు



కొన్నేళ్ల కిందట ఒక రాత్రి, మా దగ్గర చదువుకున్న కుర్రవాడి తండ్రి మా ఇంటి తలుపు తట్టాడు. "సార్, మావోణ్ని నిన్న పొద్దున స్టేషన్‌కు తీసకపోయినారు. ఇంగా పంపలేదు. దొంగతనం కేసంట" అన్నాడు. ఏ స్టేషనో ఇక్కడ చెప్పబోము. మూడో రోజు పిల్లవాణ్ని వదిలేశారు. అరికాళ్లు వాచి నేల మీద ఆనలేకున్నాడు. పెద్దలందరమూ కూర్చుని, పిల్లవాడు ప్రాణాలతో వచ్చాడు కదా, ఇంతటితో వదిలేద్దామని నిర్ణయించాము. ఆసుపత్రికి కూడా పోనివ్వలేదు. ఆర్నెల్ల తర్వాత ఆ తండ్రి ఫిర్యాదు చేద్దామని వస్తే మా చేతిలో ఒక్క కాగితమూ లేదు. తీసుకుపోయినట్లు గానీ, వదిలినట్లు గానీ, దెబ్బలు తగిలినట్లు గానీ రుజువు లేదు. ఆ తప్పు మాది. ఈ మాటలు చెప్పాలని అప్పుడే అనుకున్నాము.

మన రాష్ట్రంలో ఈ విషయం మాట్లాడితే ముందు గుర్తుకు వచ్చేది హైదరాబాదు నల్లకుంట స్టేషన్. 1978 మార్చి నెలాఖరున సినిమా చూసి వస్తున్న ఒక ముస్లిం దంపతులను పోలీసులు పట్టుకున్నారు. ఆ మహిళపై స్టేషన్‌లో అత్యాచారం జరిగింది. ఆమె పేరుతోనే ఆ కేసు పత్రికలకెక్కింది గానీ, ఆ పేరు మనకిక్కడ అవసరం లేదు. భర్త అహ్మద్ హుస్సేన్ రిక్షా కార్మికుడు. ఇదేమి అన్యాయమని అడిగినందుకు అతన్ని కొట్టారు. అతను చనిపోయాడు. దేహాన్ని జనం స్టేషన్ ముందుకు తెచ్చారు. నగరం అట్టుడికి కాల్పులు, కర్ఫ్యూ దాకా పోయింది. ప్రభుత్వం హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ముక్తదర్‌తో కమిషన్ వేసింది. కమిషన్ ముందు పోలీసుల తరఫు వారు ఆ మహిళ నడవడిక మీదే నిందలు మోపారు. అయినా అత్యాచారమూ హత్యా జరిగాయని, పోలీసులే చేశారని కమిషన్ తేల్చింది. కేసు మాత్రం కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయింది. 1981లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు.

కమిషన్ తప్పన్నదాన్ని కోర్టు ఎందుకు శిక్షించలేదని చాలామంది అడుగుతారు. విచారణ కమిషన్ల చట్టం 1952 నాటిది. దాని ప్రకారం కమిషన్ ముందు ఒక మనిషి చెప్పిన మాటను తర్వాత క్రిమినల్ కేసులో అతని మీద సాక్ష్యంగా వాడడానికి లేదు. కమిషన్ ప్రభుత్వానికి నివేదిక ఇస్తుందంతే. శిక్ష పడాలంటే కోర్టులో అన్నీ మళ్లీ మొదటి నుంచి రుజువు కావాలి. కాబట్టి "కమిషన్ వేశారు" అని వినగానే పని అయిపోయిందని మనం ఇళ్లకు పోరాదు.

ఆ తర్వాత చట్టం మారింది. కస్టడీలో మనిషి చనిపోయినా, కనబడకుండా పోయినా, మహిళపై అత్యాచారం జరిగినా, పోలీసు దర్యాప్తుకు తోడుగా జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ తప్పక జరగాలని 2006 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. 2024 జూలై 1 నుంచి అదే నియమం భారతీయ నాగరిక సురక్షా సంహితలో 196వ సెక్షన్‌గా ఉంది. ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. ఆర్డీఓ, తహసీల్దారు కూడా మేజిస్ట్రేట్లే గానీ వారు రెవెన్యూ అధికారులు. ఈ విచారణ చేయాల్సింది కోర్టులో కూర్చునే మేజిస్ట్రేటు. ఆర్డీఓ వచ్చి రాసుకుపోయారంటే సరిపోదు. వీలైనంతవరకు తల్లిదండ్రులకు, బిడ్డలకు, తోబుట్టువులకు, భార్యకు లేదా భర్తకు ముందుగా తెలియజేసి, విచారణలో ఉండనివ్వాలి. మరణం జరిగిన 24 గంటల్లో దేహాన్ని పరీక్షకు పంపాలి.

ఇక్కడే మన ఇళ్లలో పెద్ద చిక్కు వస్తుంది. మయ్యత్తును త్వరగా ఖననం చేయాలన్నది మన ఆచారం. దేహాన్ని కోయడానికి మనసొప్పదు. "ఎట్లాగూ పోయినాడు, మట్టి చేసేద్దాం" అంటారు. స్టేషన్ వారు కూడా తొందరపెట్టవచ్చు. ఒక్కసారి మట్టిలో పెట్టాక సాక్ష్యం కూడా మట్టిలోనే ఉంటుంది. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో ఒక దళిత మహిళ చనిపోతే, పూడ్చిన దేహాన్ని వెలికి తీసి మళ్లీ పోస్టుమార్టం చేయాలని తెలంగాణ హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఆ బాధ ఏ ఇంటికీ వద్దు. మొదటి పరీక్షే సరిగా జరగనివ్వండి. కస్టడీ మరణాల పోస్టుమార్టాన్ని వీడియో తీయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1995లోనే రాష్ట్రాలను కోరింది. "వీడియో తీస్తున్నారా?" అని డాక్టరును అడగండి. ఖననానికి ముందు దేహం మీది గాయాలను ఇంటివారు కూడా ఫోటో తీసుకోండి. నివేదిక నకలుకు అర్జీ పెట్టండి.

ఇంకొక చిక్కు ఉంది. కొందరిని కొట్టి ఇంటికి పంపేస్తారు, ప్రాణం తర్వాత పోతుంది. అప్పుడు "మా కస్టడీలో లేడు" అంటారు. 2023లో మెదక్‌లో ఖదీర్ ఖాన్ విషయంలో అదే జరిగింది. వదిలాక ఆసుపత్రి పాలై, ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసులు కొట్టారని అతను ఆసుపత్రి నుంచి చెప్పిన వీడియో బయటికొచ్చింది. హైకోర్టు తనంతట తానే ఆ సంగతిని విచారణకు తీసుకుంది. కనుక దెబ్బలతో వచ్చినవాణ్ని అదే రోజు ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోండి. ఎవరు కొట్టారో డాక్టరుకు చెప్పి, మెడికో లీగల్ కేసుగా రాయించండి. పడిపోయాడని మాత్రం రాయించకండి.

ఇక మానవ హక్కుల కమిషన్. కస్టడీ మరణాన్ని 24 గంటల్లో తమకు తెలపాలని జాతీయ కమిషన్ 1993 డిసెంబరులోనే కలెక్టర్లకు, ఎస్పీలకు చెప్పింది. అది వారి పని. మనం కూడా విడిగా రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు, తెలుగులో రాస్తే చాలు. మన రాష్ట్ర కమిషన్ 2021లో కర్నూలులో మొదలైంది. రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. సంఘటన జరిగిన ఏడాదిలోపు రాయాలి. ఇక రాష్ట్ర కమిషన్ దగ్గర నడుస్తున్న సంగతిని జాతీయ కమిషన్ విచారించదు, కాబట్టి ఎక్కడికి పోవాలో ముందే ఆలోచించుకోండి. కమిషన్ పరిహారం ఇమ్మని, కేసు పెట్టమని సిఫారసు చేయగలదు. జైలుకు పంపలేదు. ఆ పని కోర్టుదే.

అన్నిటికన్నా మేలు ప్రాణం ఉండగానే కదలడం. అరెస్టు చేసినవారిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం చెబుతోంది. అరెస్టు మెమో రాసి, ఇంటివారి సంతకమో ఊరి పెద్దమనిషి సంతకమో తీసుకోవాలని సుప్రీంకోర్టు 1996లో డి.కె. బసు కేసులో ఆదేశించింది. ఆ గడువు దాటితే మేజిస్ట్రేటుకు, ఎస్పీకి అర్జీ పంపండి. తీసుకుపోయిన తేదీ, గంట, చూసినవారి పేర్లు అందులో ఉండాలి. స్పీడ్ పోస్టు రసీదును దాచుకోండి. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది. ఆ ఫుటేజీని చెరిపేయకుండా ఉంచమని కూడా అదే అర్జీలో అడగండి.

మన సొసైటీ ఆఫీసులో రేషను, పింఛను అర్జీలు రాసిపెట్టే బల్ల ఒకటి ఉంది. ఈ అర్జీ నమూనాను కూడా ఆ బల్ల మీద పెడుతున్నాము. ఆ రాత్రి తలుపు తట్టిన తండ్రికి మేము ఇవ్వలేకపోయిన కాగితం అదే. అవసరమైతే ఏ రాత్రయినా వచ్చి తీసుకుపోండి, రాయడానికి మేము కూర్చుంటాము.