సున్నా చదరపు యూనిట్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  బడి జ్ఞాపకాలు నాకంటే బాగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఉద్యోగమంతా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి కనుక నేను ఒక్క లెక్క చెప్పి కూర్చుంటాను. నిర్వాహకులు నాకు బ్లాక్‌బోర్డు ఇవ్వలేదు. గాల్లో గీస్తాను, మీరు మనసులో చూసుకోండి.

పోయిన నెల మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక మిత్రుడు ఫొటో పెట్టాడు. మనవరాలి పరీక్ష పేపరు, పక్కనే ఆ అమ్మాయి రాసిన జవాబు. ఇంటర్ రెండో ఏడాది. కింద వీడి మెసేజీ: "ఒరేయ్ మాస్టారూ, స్టెప్పులన్నీ కరెక్టే కదరా, మార్కులు ఎందుకు కోసినట్టు?"

ప్రశ్న ఒక్క వాక్యం: పటంలో షేడ్ చేసిన ప్రాంతం వైశాల్యం కనుక్కోండి. పక్కన ఒక పరావలయం బొమ్మ, దాని మీద y = x² − 4x + 3 అని రాసి ఉంది. అవధులు ఇవ్వలేదు. అవి బొమ్మలోంచే తీసుకోవాలి. అమ్మాయి తీసుకుంది కూడా. ఇలా రాసింది:

∫₀³ (x² − 4x + 3) dx = [x³/3 − 2x² + 3x]₀³ = 9 − 18 + 9 = 0

దాని కింద గీత కొట్టి "వైశాల్యం = 0 చదరపు యూనిట్లు" అని రాసింది. మాస్టారు సున్నా చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు.

మావాడు చెప్పింది నిజమే. సమాకలనంలో ఒక్క తప్పు లేదు. నేను ముందు లెక్క వదిలేసి ఫొటో చూశాను. తీసినవాడి ఫోను నీడ కాగితం కింది సగం మీద పడింది. అక్షానికి పైన, y-అక్షం పక్కన ఒక ముక్క షేడ్ చేసి ఉన్నట్టు స్పష్టంగా ఉంది. అక్షానికి కింద దోనెలా ఉన్న ముక్క కూడా నల్లగానే ఉంది. అది ప్రశ్న ఇచ్చినాయన చేసిన షేడింగా, మావాడి ఫోను నీడా?

ఇది తేల్చకుండా లెక్క మొదలుపెట్టకూడదు. రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసి చూశాను. నీడకు హద్దు తెలియదు. అది వక్రాన్ని దాటి, అంకెల మీదుగా పోయి, మార్జిను దాకా పాకుతుంది. షేడింగ్ అలా కాదు. ఏటవాలుగా సమాంతరంగా గీసిన సన్న గీతలు వక్రం దగ్గరికి వచ్చి ఆగిపోతాయి. దోనెలో ఆ గీతలు కనబడ్డాయి. అంటే షేడ్ చేసిన ముక్కలు రెండు. ఎడమ పక్క గీతలు y-అక్షం దగ్గర ఆగాయి కనుక అక్కడ x = 0. మిగతా హద్దులు వక్రం అక్షాన్ని కోసే చోట్లు. x² − 4x + 3 = 0 అంటే (x − 1)(x − 3) = 0. కనుక 1, 3. అమ్మాయి 0, 3 పట్టుకుంది, మధ్యలో ఉన్న 1ని వదిలేసింది. తప్పంతా అక్కడే ఉంది.

ఎందుకో చూడండి. నిశ్చిత సమాకలని అంటే ప్రాంతాన్ని నిలువుగా సన్నటి బద్దీలుగా కోసి, ఒక్కో బద్దీ ఎత్తును వెడల్పుతో గుణించి కూడటం. ఎత్తు బదులు మనం వాడేది y విలువ. వక్రం అక్షానికి పైన ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. కిందికి దిగగానే y రుణాత్మకం అవుతుంది, ఆ బద్దీలు కూడికలోకి మైనస్ గుర్తుతో వస్తాయి. కొలిచేవాడికి మాత్రం కింద ఉన్న నేల కూడా నేలే. పైన అరెకరం, కింద అరెకరం ఉన్న రైతుకు మొత్తం పొలం సున్నా అని పాసు పుస్తకం ఇస్తే ఊరుకుంటాడా?

విడిగా చేద్దాం. 0 నుంచి 1 వరకు విలువ 1/3 − 2 + 3, అంటే 4/3. 1 నుంచి 3 వరకు 0 − 4/3, అంటే −4/3. మొదటిది ఉన్నదున్నట్టు, రెండోది గుర్తు తీసేసి కూడితే 8/3 చదరపు యూనిట్లు.

ఇది నమ్మాలా? బొమ్మనే అడగవచ్చు. దోనె వెడల్పు 2, లోతు 1. ఎందుకంటే x = 2 దగ్గర y విలువ −1. అందులో ఇమిడే త్రిభుజం వైశాల్యం 1. పరావలయ ఖండం అలాంటి త్రిభుజానికి 4/3 రెట్లుంటుందని ఆర్కిమిడీస్ క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలోనే నిరూపించాడు. కాబట్టి 4/3, సరిపోయింది. పై ముక్కలో వక్రం 3 ఎత్తు నుంచి 1 దగ్గర అక్షానికి దిగుతుంది. తిన్నగా గీత గీస్తే త్రిభుజం వైశాల్యం 1.5. వక్రం ఆ గీతకు కిందుగా వంగి దిగుతుంది కనుక 1.5 కంటే కాస్త తక్కువ రావాలి. 4/3 అంటే 1.33. ఇదీ కుదిరింది.

నిజానికి సున్నా వచ్చినందుకు ఆ అమ్మాయి అదృష్టవంతురాలు. షేడ్ చేసిన చోటు కళ్లెదుట ఉండగా వైశాల్యం సున్నా అంటే ఎవరికైనా అనుమానం రావాలి. అదే బొమ్మలో షేడింగ్ 2 దగ్గర ఆగిందనుకోండి. 0 నుంచి 2 వరకు ఒకే దెబ్బకు సమాకలనం చేస్తే 8/3 − 8 + 6, అంటే 2/3 వస్తుంది. ధన సంఖ్య, చూడటానికి పెద్దమనిషి లాంటి జవాబు. ఎవరూ అనుమానించరు. అసలు వైశాల్యం 4/3 + 2/3, అంటే 2. మూడింట ఒక వంతే వచ్చిందన్నమాట. చివర్లో మైనస్ వస్తే కొట్టేస్తే చాలు అనుకునే పిల్లలను నేను ఏటా చూశాను. వాళ్లు ఇక్కడ పడిపోతారు, ఎందుకంటే కొట్టేయడానికి మైనస్సే ఉండదు. వక్రం మధ్యలో అక్షాన్ని కోస్తోందా అని ముందే చూడటం తప్ప వేరే దారి లేదు.

ప్రశ్నపత్రంలో "సమాకలని విలువ కనుక్కోండి" అని ఉంటే సున్నాయే సరైన జవాబు, పూర్తి మార్కులు ఇవ్వాల్సిందే. "వైశాల్యం" అన్నారు కనుక కాదు. అయినా పేపరు నా చేతికి వచ్చుంటే అవధులకూ, సమాకలనానికీ మార్కులు వేసి, చివరి మెట్టుకు మాత్రమే కోసేవాణ్ణి. ఈ మాట మావాడికి రాశాను. వాడు దాన్నే స్క్రీన్‌షాట్ తీసి మనవరాలికి పంపాడట.

మర్నాడు ఆ అమ్మాయి నుంచే ఫొటో వచ్చింది. "తాతయ్యా, నాలుగు దాకా షేడ్ చేసి చూశాను. ఒకేసారి చేస్తే 4/3 వచ్చింది. ముక్కలు చేస్తే మూడు ముక్కలూ 4/3 చొప్పున వచ్చాయి, మొత్తం 4. మూడో ముక్క మొదటి దానికి అద్దంలో బొమ్మలా ఉంది, కరెక్టేనా?" అని అడిగింది. కరెక్టే. x = 2 దగ్గర నిలువు గీత గీస్తే రెండు పక్కలా ఒకేలా ఉంటుంది. బొమ్మ స్కేలు పెట్టి గీసింది, 1 దగ్గరా 3 దగ్గరా ఎర్ర చుక్కలు పెట్టింది. ఈసారి ఫోను నీడ పడకుండా కిటికీ పక్కన పెట్టి తీసింది.