పేరు మారిస్తే చాలదు
(క్షేత్ర పరిశోధనపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం)



చదువు అయిన కొత్తలో నేనొక ప్రాజెక్టులో ఇంటర్న్‌గా చేరాను. బీడీలు చుట్టే స్త్రీల ఇంటర్వ్యూ క్యాసెట్లు విని కాగితం మీద పెట్టడం నా పని. గంట టేపు రాయడానికి ఆరు గంటలు పట్టేది. రాశాక మళ్ళీ వింటూ సరిచూడాలి.

మొదటి తప్పు భాష దగ్గరే చేశాను. ఒకామె, "కొట్టిండు, ఏం జేస్త, సంసారమన్నంక ఉంటయి గద" అంది. నేను దాన్ని పుస్తకాల భాషలోకి దిద్ది, మార్జిన్‌లో "గృహహింసను అంగీకరించడం" అని కోడ్ వేశాను. టేపు మళ్ళీ వింటే "ఏం జేస్త" తర్వాత చాలాసేపు మౌనం ఉంది. ఆ మౌనాన్ని నేను రాయనే లేదు. అది అంగీకారం కాదు, వేరే దారి లేకపోవడం. అప్పటినుంచి ముందు ఆమె మాటనే కోడ్‌గా పెట్టుకుని, మన పదం తర్వాత పక్కన రాస్తున్నాను.

అదే టేపులో అరగంట తర్వాత ఆమె, "ఇది రాయకు బిడ్డా" అని మరిదితో భూమి తగాదా చెప్పింది. టేపు తిరుగుతూనే ఉంది. మొదట్లో వేలిముద్ర వేసింది కదా, సమ్మతి ఉన్నట్టే అన్నారు కొందరు. కాదు. సమ్మతి ఒక్కసారి తీసుకుని ఫైల్లో పెట్టుకునే కాగితం కాదు. ఆ భాగం రాయకుండా "ఆమె కోరికపై తొలగించాం" అని మాత్రం గుర్తు పెట్టాలి. టేపులోనూ చెరపాలి. ఇప్పుడు ఫోన్లలో రికార్డు చేస్తున్నాం. ఫోను తనంతట తానే ఇంకోచోట దాచే కాపీని కూడా వెతికి తీసెయ్యాలి.

ఇక పేరు సంగతి. ఆమె పేరు మార్చి, ఊరికి ఒక అక్షరం పెట్టాను. అసలు పేర్ల జాబితా విడిగా తాళం వేసి ఉంచాం. కానీ "భర్త దుబాయి వెళ్ళి తిరిగి రాలేదు, పొద్దున అంగన్‌వాడీలో ఆయా, రాత్రి బీడీలు" అన్న వాక్యం అలాగే ఉంచాను. ఒక అంగన్‌వాడీకి ఒకే ఆయా ఉంటుంది. ఆ నివేదిక ఊరికి చేరితే ఆమెను గుర్తు పట్టడానికి పేరుతో పనేముంది? చివరికి దుబాయిని "దూరదేశం" అనీ, ఆయాను "మరో చిన్న ఉద్యోగం" అనీ మార్చాం. కులాన్నీ, కూలి రేటునూ మార్చలేదు. అవి మారిస్తే విశ్లేషణే అబద్ధమవుతుంది. నేను ఇంటర్న్‌లకు చెప్పే పరీక్ష ఒకటే: ఆమె తోడికోడలిలా కూర్చుని ఈ పేజీ చదవండి. ఎవరో తెలిసిపోతోందా?

అలాగని దాచడమే ఎప్పుడూ న్యాయం కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర"లో సాయుధ పోరాట స్త్రీలు తమ పేర్లతోనే మాట్లాడారు. అక్కడ పేరు తీసేసి ఉంటే వాళ్ళను చరిత్ర నుంచి రెండోసారి తుడిచినట్టయ్యేది. అందుకే పేరు ఉంచాలా, మార్చాలా అన్నది మనం నిర్ణయించేది కాదు. రాసింది ఆమెకు చదివి వినిపించి, ఆమెనే అడగాలి.