లాంజోస్‌లో దొంగ ఐగెన్ విలువలు

పది లక్షల వరుసలున్న సిమెట్రిక్ మాట్రిక్స్ ఉందనుకోండి. మొత్తం దాచాలంటేనే 8 టెరాబైట్లు కావాలి. కానీ వరుసకి సున్నా కాని సంఖ్యలు ఐదే అయితే, దాన్ని వెక్టర్‌తో గుణించడం తేలిక. లాంజోస్‌కి ఆ గుణకారం చాలు.

వచ్చిన వెక్టర్‌లోంచి ముందరి రెండిటి భాగం తీసేసి, పొడవు 1 చేస్తాం. 50 సార్లు చేస్తే 50×50 ట్రైడయాగనల్ మాట్రిక్స్ వస్తుంది. అంచు విలువలు ఎడంగా ఉంటే, దాని అతిపెద్ద ఐగెన్ విలువ అసలుదానికి బాగా దగ్గరవుతుంది.

చిక్కెక్కడంటే, ఒక విలువ కుదురుకునేసరికి రౌండింగ్ వల్ల కొత్త వెక్టర్లు పాతవాటికి లంబంగా ఉండవు. అదే విలువ మళ్లీ కనిపిస్తుంది. కచ్చితమైన లెక్కలో లాంజోస్ ఏ విలువనీ రెండుసార్లు ఇవ్వదు కాబట్టి అది దొంగ కాపీయే.

మందు? కొత్తదాన్ని పాతవాటన్నిటికీ లంబం చేయడం. సిమెట్రిక్ కానివాటికి ఆర్నాల్డి ప్రతి అడుగులో చేసేది అదే. అందుకు 50 వెక్టర్లూ మెమరీలో ఉండాలి: 400 మెగాబైట్లు.