చిత్రరూపం: సమవాయం తేల్చవలసిన తగవు

ఎవరి పేరిట ఈ స్మారకోపన్యాసం జరుగుతోందో ఆ గురువుగారికి పొగడ్త కిట్టేది కాదు. పూర్వపక్షాన్ని బలంగా చెప్పలేనివాడు సిద్ధాంతం జోలికి పోకూడదని వారి పట్టు. అందుకే స్తుతి మాని, నేను చాలాకాలంగా వాదిస్తున్న విషయాన్నే మీ ముందు పెడుతున్నాను.

పదార్థాలు 7, ద్రవ్యాలు 9, గుణాలు 24, కర్మలు 5 అన్న లెక్క మీకు తెలిసిందే. ఒక పోచంపల్లి చీర తీసుకుందాం. దారాలు ద్రవ్యాలు. చీర దారాల కుప్ప కాదు, వాటిలో సమవాయంతో ఉండే మరో ద్రవ్యం, అంటే అవయవి. నాడె కదలడం కర్మ. అది క్షణాల్లో నశించి, పడుగుకూ పేకకూ మధ్య సంయోగాన్ని మిగులుస్తుంది. ఎరుపు గుణం, ఏదో ఒక ద్రవ్యంలో తప్ప నిలవదు. ఉతికితే నీళ్లలోకి దిగేది కూడా రంగు అనే ద్రవ్యమే గాని ఒట్టి ఎరుపు కాదు. గుణాన్ని ద్రవ్యంలో నిలిపే ఆ సంబంధమే సమవాయం. ఇంతవరకూ పేచీ లేదు.

ఒక దారం ఎరుపు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. మరి చీర రూపమేది? రూపం తన ఆశ్రయమంతటా వ్యాపించి ఉంటుందని సంప్రదాయ నియమం. ఆ నియమం ప్రకారం చీర ఎరుపూ కాలేదు, నలుపూ కాలేదు. అందుకే 17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో చిత్రరూపాన్ని ఏడో రూపంగా లెక్కపెట్టాడు. ఇది లెక్క కుదరడానికి కల్పించిన మాట అని ఇప్పటికీ కొందరు కొట్టిపారేస్తారు. వారికి అండ చిన్నది కాదు. నవద్వీపపు రఘునాథ శిరోమణి ఆ నియమాన్నే తోసిపుచ్చి, రూపం ఆశ్రయంలో కొంతమేరనే ఉండవచ్చునన్నాడు. ఇంకొందరు, కనిపించేవి దారాల రంగులే, చీరకు వేరే రంగెందుకు అంటారు. దీపికలో అన్నంభట్టు జవాబు సూటిగా ఉంది: రూపం లేని ద్రవ్యం కంటికి కనబడదు, కాబట్టి చీరే కనబడకుండా పోతుంది. రూపమున్న దారాల్లో సమవేతమై ఉండటమే చీర కనబడటానికి చాలదా అంటే, అది గౌరవమని, అంటే అక్కరలేని బరువని, ఆయన తోసేశాడు. ఈ ఒక్కచోట ఆయన వాదం పలచగా ఉందని నేనంటాను. బరువు చూపినంత మాత్రాన పక్షం ఓడదు. అసలు బలం మరోచోట ఉంది. అవయవి వేరే ద్రవ్యమని ఒప్పుకున్నాక, దాని గుణాలు దానిలోనే సమవాయంతో ఉండాలి. దారాల రంగులతోనే చీరకు పని గడిస్తే, దారాల బరువుతో, దారాల పరిమాణంతో కూడా గడుస్తుంది. అప్పుడు అవయవే మిగలదు.

అయితే చిత్రరసం ఎందుకు ఒప్పుకోరని అడుగుతారు. ఆరు రసాలే గాని కలగలుపు రసం లెక్కలో లేదు, నిజమే. నాలుక రసాన్ని గ్రహిస్తుంది, ద్రవ్యాన్ని గ్రహించదు. అవయవికి రసం లేకపోయినా దాని ప్రత్యక్షానికి వచ్చే లోటు లేదు. కన్ను ద్రవ్యాన్నే గ్రహిస్తుంది, రూపం లేనిదే గ్రహించలేదు. తేడా ఇక్కడుంది.

ఇప్పుడు నేను దీపికకు రాస్తున్న తెలుగు వ్యాఖ్యలో ఈ ఘట్టానికే ఎక్కువ చోటిచ్చాను. చిత్రరూపాన్ని కాదనదలచినవారు ముందు అవయవిని కాదని రావాలి. రెండోదాన్ని ఉంచుకుని మొదటిదాన్ని తీసేయడం కుదరదు.